ఏడాది చివర్లో మిగిలిన సెలవులు ఏమవుతాయి? కొత్త ఉద్యోగి లెక్క కిరుమాంబాక్కం నుంచి యానాం దాకా

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో, బాహూరు ప్రాంతంలో కిరుమాంబాక్కం ఉంది. పారిశ్రామిక వాడ, వైద్య కళాశాల, ఇంజినీరింగ్ కళాశాల ఉన్న ఊరు కావడంతో ఉద్యోగాల కోసం బయటి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువే. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే ముక్క యానాం. అక్కడి నుంచి ఇక్కడికి రోడ్డు మార్గంలో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం నుంచి వచ్చి చేరిన వాళ్లకు సెలవు అంటే ఇంటికి వెళ్లిరావడం, అదీ సంక్రాంతికి. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె తర్వాత వాళ్లు వెతికేది సెలవుల సంఖ్యనే. అక్కడ చాలాసార్లు ఒక్క వాక్యమే కనిపిస్తుంది: 'సెలవులు సంస్థ విధానం ప్రకారం'.

ఆ విధానం చట్టం కంటే ఎక్కువ ఇవ్వొచ్చు కానీ తక్కువ ఇవ్వడానికి లేదు. మరి చట్టం ఏం ఇస్తోంది అంటే, చాలామంది అనుకున్నంత ఇవ్వదు. కొన్నిచోట్ల మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువే ఇస్తుంది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో ఈ లెక్క కొంత మారింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 'వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020' వచ్చింది. వేతనంతో కూడిన వార్షిక సెలవు సంగతి ఇప్పుడు అందులోని 32వ సెక్షన్ చెబుతుంది.

మూడు పేర్లు, ఒక్కటే చట్టబద్ధం

క్యాజువల్ లీవ్, సిక్ లీవ్, ఎర్న్‌డ్ లీవ్ అని మూడింటినీ ఒకే వరసలో చెప్పడం అలవాటైపోయింది. హెచ్‌ఆర్ పోర్టల్‌లో కూడా మూడు గడులు పక్కపక్కనే ఉంటాయి. కానీ ఫ్యాక్టరీ ఉద్యోగి విషయంలో ఆ మూడింటిలో కేంద్ర చట్టం హక్కుగా ఇచ్చేది ఎర్న్‌డ్ లీవ్ ఒక్కటే. పని చేసి సంపాదించుకున్న సెలవు కాబట్టే దానికి ఆ పేరు. కొన్ని సంస్థల్లో దాన్నే ప్రివిలేజ్ లీవ్ అంటారు.

క్యాజువల్ లీవ్ మూలం వేరు. 1946 నాటి కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఏడాదికి మొత్తం పది రోజులు మించకుండా, జబ్బు చేసినప్పుడు తప్ప ఒక విడతలో మూడు రోజులు మించకుండా క్యాజువల్ లీవ్ ఇవ్వొచ్చని ఉంది. ఆ సెలవు 'జీతంతో గానీ, జీతం లేకుండా గానీ' అన్న మాట కూడా ఆ వాక్యంలోనే ఉంది. అంటే పది రోజుల క్యాజువల్ లీవ్‌కు జీతం ఇవ్వాలా వద్దా అన్నది సంస్థ రాసుకున్న నిబంధన మీద, యూనియన్ ఉంటే దానితో కుదిరిన ఒప్పందం మీద ఆధారపడుతుంది. అనుకోకుండా వచ్చిపడే పని కోసం పెట్టిన సెలవు కాబట్టి ఇది డిసెంబరు 31తో చెల్లిపోతుంది. మరుసటి ఏడాదికి వెళ్లదు, డబ్బుగానూ మారదు. ఏడాది మధ్యలో చేరినవాళ్లకు నెలల లెక్కన తగ్గించి ఇస్తారు. జులైలో చేరిన వ్యక్తి పోర్టల్‌లో పన్నెండుకు బదులు ఆరు కనిపిస్తే అది పొరపాటు కాదు.

దుకాణాలు, ఆఫీసుల సంగతి మళ్లీ వేరు. వాటికి రాష్ట్రాల చట్టాలు ఉన్నాయి, కార్మిక కోడ్‌లు వాటిని రద్దు చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నడుస్తున్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో క్యాజువల్ లీవ్ 12 రోజులు, సిక్ లీవ్ 12 రోజులు జీతంతో ఇవ్వాలని రాసి ఉంది. కిరుమాంబాక్కం దాటి కాసేపు ప్రయాణిస్తే వచ్చే కడలూరు తమిళనాడులో ఉంది. అక్కడి 1947 నాటి చట్టం మూడు రకాల సెలవులనూ పన్నెండేసి రోజులుగా పెట్టింది. పుదుచ్చేరికి 1964 నాటి సొంత చట్టం ఉంది. హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే స్నేహితుడికి వచ్చే సెలవులు కిరుమాంబాక్కంలో ఫ్యాక్టరీలో చేరినవాడికి ఎందుకు రావో చెప్పే కారణం ఇదే. ఇద్దరూ వేర్వేరు చట్టాల కింద ఉన్నారు.

మొదటి తొమ్మిది నెలల ఖాళీ

కొత్త ఉద్యోగిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సిక్ లీవ్. ఫ్యాక్టరీ ఉద్యోగికి జబ్బు చేస్తే జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు చట్టం చూపించే సమాధానం ఈఎస్ఐ. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్ల జీతం నుంచి 0.75 శాతం కోసుకుని, యజమాని 3.25 శాతం కలిపి కడతారు. బదులుగా, డాక్టరు ధ్రువీకరించిన జబ్బు కాలానికి సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఈఎస్ఐ సంస్థ చెల్లిస్తుంది.

చదవడానికి బాగానే ఉంది. అయితే ఈ డబ్బు చేరిన మొదటి రోజు నుంచి రాదు. వైద్యం వస్తుంది, డబ్బు రాదు. ఇప్పటిదాకా నడుస్తున్న ఈఎస్ఐ నిబంధనల్లో చందా కాలం, ప్రయోజన కాలం అని రెండు ఉన్నాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు మరుసటి జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనం. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా ప్రయోజనం. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా ఉండాలి. మొదటిసారి ఈఎస్ఐ పరిధిలోకి వచ్చినవాళ్ల ప్రయోజన కాలం, చేరిన తేదీ నుంచి తొమ్మిది నెలలు నిండాకే మొదలవుతుంది.

ఇంకో మెలిక ఉంది. జబ్బు పడిన మొదటి రెండు రోజులకు ఈఎస్ఐ డబ్బు ఇవ్వదు. పదిహేను రోజుల లోపు మళ్లీ అదే పరిస్థితి వస్తే ఆ రెండు రోజుల కోత ఉండదు. అంటే మూడు రోజుల జ్వరానికి దక్కేది ఒక్క రోజు వేతనంలో 70 శాతం. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టినవాళ్లకు ఇది అక్కరకొస్తుంది, మామూలు జలుబుకూ జ్వరానికీ పనికిరాదు. ఆ చిన్న జబ్బులను ఆదుకునేది సంస్థ సొంతంగా ఇచ్చే సిక్ లీవే. అందుకే ఈఎస్ఐ ఉంది కదా అని సిక్ లీవ్ అసలు ఇవ్వని చోట చేరేటప్పుడు, మొదటి తొమ్మిది నెలల్లో జ్వరం వస్తే ఆ రోజులన్నీ జీతం కోతే అని ముందే తెలుసుకోవాలి. పే స్లిప్‌లో అది ఎల్‌ఓపీ అన్న మూడు అక్షరాలుగా కనిపిస్తుంది.

సంస్థ ఇచ్చే సిక్ లీవ్‌కు షరతులు కూడా సంస్థవే. రెండు రోజులు దాటితే డాక్టరు సర్టిఫికెట్ అడగడం సాధారణం. మిగిలినవి మరుసటి ఏడాదికి వెళ్తాయా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. డబ్బుగా మార్చే సంస్థలు అరుదు.

ఎర్న్‌డ్ లీవ్ లెక్క: ఒక ఉదాహరణ

ఇక అసలైన సెలవు దగ్గరికి వద్దాం. యానాం నుంచి వచ్చిన ఒక యువకుడు 2026 మార్చి 2, సోమవారం నాడు కిరుమాంబాక్కంలోని ఒక తయారీ యూనిట్‌లో మెషీన్ ఆపరేటర్‌గా చేరాడనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న ఉదాహరణ. ఆ యూనిట్‌కు వారానికి ఆరు రోజుల పని, ఆదివారం సెలవు.

కోడ్ ప్రకారం ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు పని చేసినవాళ్లకు ప్రతి 20 పని దినాలకు ఒక రోజు సెలవు వస్తుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఈ అర్హత 240 రోజులు. కొత్త ఉద్యోగులకు బాగా కలిసొచ్చిన మార్పు ఇదే. జనవరి 1న కాకుండా మధ్యలో చేరినవాళ్లకైతే 180 కూడా అక్కర్లేదు. ఆ ఏడాదిలో మిగిలిన రోజుల్లో నాలుగో వంతు పని చేస్తే చాలు. పాత చట్టం ఇక్కడ మూడింట రెండు వంతులు అడిగేది.

మార్చి 2 నుంచి డిసెంబరు 31 దాకా 305 రోజులు. అందులో నాలుగో వంతు 76 రోజుల పావు, అంటే 77 పని దినాలు. వారానికి ఆరు రోజుల చొప్పున పదమూడు వారాల పని. జూన్ మొదటి వారానికల్లా అతను అర్హత దాటేస్తాడు. పాత లెక్కలో అయితే 203 రోజులు దాటాలి, అంటే దాదాపు నవంబరు దాకా ఆగాలి.

ఆ 305 రోజుల్లో 43 ఆదివారాలు పోతే 262 మిగులుతాయి. సంస్థ ప్రకటించిన పండుగ సెలవులు ఇంకో 9 అనుకుందాం. పుదుచ్చేరిలో ఆగస్టు 16న విలీన దినం, నవంబరు 1న విమోచన దినం ఉంటాయి. పక్క రాష్ట్రాల వాళ్లకు ఇవి తెలియవు. 2026లో ఆ రెండూ ఆదివారమే వచ్చాయి, ఆ ఏడాది చేరినవాళ్ల దురదృష్టం. మిగిలిన 253లో ఏవో కారణాలతో అతను 13 రోజులు రాలేదు. పని చేసింది 240 రోజులు. ఇరవైతో భాగిస్తే 12. డిసెంబరు 31 నాటికి అతని ఖాతాలో 12 రోజుల ఎర్న్‌డ్ లీవ్ ఉండాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. లేఆఫ్ రోజులను, ప్రసూతి సెలవును, వాడుకున్న వార్షిక సెలవును 180 రోజుల అర్హత లెక్కలో కలుపుతారు. కానీ ఆ రోజులకు కొత్తగా సెలవు పుట్టదు. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగినికి 'నువ్వు ఈ ఏడాది 180 రోజులు రాలేదు, నీకు అర్హతే లేదు' అని చెబితే అది తప్పు. 'నువ్వు పని చేసిన రోజులకే ఇరవైకి ఒకటి చొప్పున' అని చెబితే అది ఒప్పు.

సంస్థలు ఈ లెక్కను రకరకాలుగా చూపిస్తాయి. కొన్ని నెలకు ఒకటి, ఒకటింబావు చొప్పున పోర్టల్‌లో వేస్తూ పోతాయి. కొన్ని ఏడాది చివర్లో హాజరు పట్టీ చూసి ఒకేసారి వేస్తాయి. ఏ పద్ధతి అయినా డిసెంబరు నెలాఖరుకు తేలే అంకె చట్టం లెక్కకు తగ్గకూడదు. సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. పన్నెండు పే స్లిప్‌లలో పని దినాలు కూడి ఇరవైతో భాగిస్తే సరి.

సంక్రాంతి ప్రయాణం, మధ్యలో ఆదివారం

ఆ యువకుడు 2027 జనవరి 11, సోమవారం నుంచి 18, సోమవారం దాకా సెలవు పెట్టి యానాం వెళ్లాడనుకుందాం. మొత్తం ఎనిమిది రోజులు. అందులో 17 ఆదివారం. పొంగల్‌కు సంస్థ రెండు రోజులు సెలవు ప్రకటించింది. ఖాతాలోంచి ఎన్ని పోవాలి?

ఐదు. సెలవు మధ్యలో వచ్చినా, ముందూ వెనకా వచ్చినా పండుగ సెలవులు, వారాంతపు సెలవు వార్షిక సెలవులో లెక్కకు రాకూడదని కోడ్ చెబుతోంది. చాలా ఆఫీసుల్లో వినిపించే 'శాండ్‌విచ్ రూల్' దీనికి సరిగ్గా వ్యతిరేకం. శనివారం, సోమవారం సెలవు పెడితే మధ్యలో ఆదివారాన్ని కూడా సెలవుగా కోసేయడమే ఆ రూల్. సంస్థ తన ఇష్టంతో ఇచ్చే క్యాజువల్ లీవ్‌కు అలాంటి షరతు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. చట్టం ఇచ్చిన ఎర్న్‌డ్ లీవ్‌కు పెట్టడానికి లేదు. ఖాతాలోంచి ఎనిమిది పోయినట్టు కనిపిస్తే, ఆ మూడు రోజులు వెనక్కి వేయమని మెయిల్ రాయడానికి సందేహించనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో అన్ని సెలవులకూ ఒకే సెట్టింగ్ పెట్టేయడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది.

ముప్పై దాటితే

మిగిలిన ఎర్న్‌డ్ లీవ్ మరుసటి ఏడాదికి వెళ్తుంది. అలా క్యారీ ఫార్వర్డ్ అయ్యే మొత్తం 30 రోజులు మించకూడదు. పాత చట్టంలోనూ ఈ 30 ఉంది. అప్పట్లో ముప్పై పైన ఉన్నవి చాలాచోట్ల మురిగిపోయేవి. ఇప్పుడు ముప్పై దాటిన వాటికి డబ్బు తీసుకునే హక్కు ఉంది.

అదే ఉదాహరణను ముందుకు తీసుకెళ్తే, 2026 చివరికి 12 రోజులు. 2027లో సంక్రాంతికి 5 వాడాడు, 260 రోజులు పని చేసి 13 సంపాదించాడు. ఏడాది చివరికి 20. 2028లో ఏమీ వాడుకోలేదు, మళ్లీ 13 వచ్చాయి, మొత్తం 33. అందులో 30 రోజులు 2029లోకి వెళ్తాయి, 3 రోజులకు డబ్బు రావాలి. పోర్టల్‌లో 33 కాస్తా జనవరి 1న 30 అయి, జనవరి జీతంలో అదనంగా ఏమీ కనిపించకపోతే, ఆ మూడు రోజుల వేతనం ఎక్కడో ఆగిపోయినట్టే.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. 2028లో అతను నాలుగు రోజులు సెలవు అడిగాడు, 'ఆర్డర్ ఉంది, ఇప్పుడు కుదరదు' అన్నారనుకుందాం. అడిగినా ఇవ్వని సెలవుకు ముప్పై రోజుల పరిమితి వర్తించదు. ఎన్ని రోజులైనా ముందుకు తీసుకెళ్లొచ్చు. ఇబ్బందల్లా సాక్ష్యంతోనే. సూపర్‌వైజర్‌ను అడగడం, ఆయన తల అడ్డంగా ఊపడం ఎక్కడా నమోదు కావు. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి 'తిరస్కరించబడింది' అన్న స్థితి దాకా రానివ్వాలి. చాలామంది సర్ది చెబితే దరఖాస్తును తామే వెనక్కి తీసుకుంటారు. అప్పుడు రికార్డులో అది అసలు అడగని సెలవు అవుతుంది.

డబ్బుగా మారేది ఎంత

పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉద్యోగంలో ఉండగా ఏటా సెలవులు అమ్ముకునే హక్కు లేదు, మానేసినప్పుడే డబ్బు వచ్చేది. కొత్త కోడ్ క్యాలెండర్ సంవత్సరం చివర్లో ఉద్యోగి కోరితే ఎన్‌క్యాష్‌మెంట్ ఇవ్వాలంటోంది. 'కోరితే' అన్న మాట ముఖ్యం. అడగకపోతే ముప్పై లోపు సెలవులు అలాగే ముందుకు వెళ్తాయి, డబ్బు దానంతటది రాదు. డిసెంబరులోనే రాతపూర్వకంగా అడగాలి.

రోజుకు ఎంత అన్నదాని దగ్గరే వాదన మొదలవుతుంది. మన ఉదాహరణలోని ఆపరేటర్‌కు నెల జీతం 20,000 రూపాయలు. పే స్లిప్‌లో బేసిక్ 9,000, ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం కలిపి 11,000. కోడ్‌ల నిర్వచనంలో 'వేతనం' అంటే బేసిక్, డీఏ వంటివి. ఇంటి అద్దె, ప్రయాణ భత్యాల వంటివి అందులోకి రావు. అయితే అలా పక్కన పెట్టినవి మొత్తం ప్రతిఫలంలో సగం దాటకూడదు. దాటితే, దాటినంత మేర వేతనంలోనే కలుపుతారు. ఇక్కడ సగం అంటే 10,000. భత్యాలు 11,000 ఉన్నాయి. దాటిన వెయ్యి బేసిక్‌కు కలిపితే లెక్కకు తీసుకోవాల్సిన వేతనం 10,000 అవుతుంది.

దాన్ని 26తో భాగిస్తే రోజుకు సుమారు 385 రూపాయలు, 30తో భాగిస్తే 333. పన్నెండు రోజులకు మొదటి పద్ధతిలో దాదాపు 4,615, రెండో పద్ధతిలో 4,000. పూర్తి జీతం మీద 26తో లెక్క కట్టే సంస్థలో అవే పన్నెండు రోజులకు 9,230 వస్తాయి. సెలవులు అవే, ఉద్యోగి అతనే, చేతికొచ్చే డబ్బు రెండింతలకు పైగా మారుతోంది. అందుకే చేరేటప్పుడు 'ఎన్‌క్యాష్‌మెంట్ ఉందా' అని అడగడం కంటే 'దేని మీద, ఎంతతో భాగించి' అని అడగడం మేలు. పాత స్లిప్‌లు 9,000 మీదే లెక్క కట్టి ఇస్తుంటే, కోడ్‌లు వచ్చాక ఆ వెయ్యి కలపలేదని ఇట్టే తెలిసిపోతుంది.

ఈ డబ్బులోంచి ప్రావిడెంట్ ఫండ్ కోయకూడదు. మణిపాల్ అకాడమీ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ సంగతి తేల్చింది. పన్ను మాత్రం ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా తీసుకున్న ఎన్‌క్యాష్‌మెంట్ మొత్తం ఆదాయంలో కలుస్తుంది. మానేసేటప్పుడో రిటైరయ్యేటప్పుడో వచ్చేదానికి ప్రైవేటు ఉద్యోగులకు జీవితకాలంలో మొత్తం 25 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంది, కొన్ని ఇతర పరిమితులకు లోబడి. 2023 ఏప్రిల్‌కు ముందు ఇది 3 లక్షలే.

రెండు నెలలకే మానేస్తే

కొత్తగా చేరినవాళ్లలో కొందరు నిలదొక్కుకోరు. ఊరు దూరం, భాష రాదు, భోజనం పడదు, ఏదో ఒకటి. అలా అరవై పని దినాలు చేసి మానేసినవాళ్లకు సెలవుల డబ్బు అడగాలన్న ఆలోచనే రాదు. అడిగినా '180 రోజులు నిండలేదు కదా' అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు. మానేసినా, తీసేసినా, రిటైరైనా, చనిపోయినా, అర్హత రోజులు నిండకపోయినా సరే, పని చేసినంత కాలానికి పుట్టిన సెలవుకు వేతనం ఇవ్వాలని 32వ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. అరవై రోజులకు మూడు రోజుల వేతనం. మానేసిన, తీసేసిన సందర్భాల్లో రెండో పని దినం ముగిసేలోగా చెల్లించాలి. చనిపోతే వారసులకు లేదా నామినీకి రెండు నెలల్లోగా ఇవ్వాలి. 'ఫుల్ అండ్ ఫైనల్ నలభై ఐదు రోజుల్లో' అని ఆఫర్ లెటర్‌లో ఉండే వాక్యం ఈ గడువును మార్చలేదు.

ఎవరికి వర్తించదు

ఈ హక్కులన్నీ కోడ్ నిర్వచించిన 'వర్కర్'కు. చేతిపని, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లు ఇందులోకి వస్తారు. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లు రారు. నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లూ రారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆపరేటర్‌గా 17,000కు చేరిన వ్యక్తికి ఏడాది తర్వాత 'సూపర్‌వైజర్' అని పదోన్నతి ఇచ్చి జీతం 19,000 చేస్తే, చట్టబద్ధమైన సెలవుల గొడుగు తొలగిపోవచ్చు. ఆ తర్వాత దిక్కు సంస్థ విధానమే. పేరుకు సూపర్‌వైజర్ అయినా చేసేది అదే మెషీన్ పని అయితే, కోర్టులు హోదా పేరు కాక చేసే పని చూస్తాయి.

కళాశాలల్లో చేరే అధ్యాపకుల సంగతి వేరు. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మెన్' కారని సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. వాళ్ల సెలవులు నియామక పత్రం, సంస్థ సర్వీసు నిబంధనల మీదే ఆధారపడతాయి. అదే ప్రాంగణంలో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్, గుమాస్తా పరిస్థితి అలా కాదు.

యానాంలోనో పుదుచ్చేరిలోనో ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సెలవు నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ ఎర్న్‌డ్ లీవ్ సంపాదించే దాకా ఆగనక్కర్లేదు. జనవరి 1న 15, జులై 1న 15 ముందుగానే ఖాతాలో పడతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఆ అర్ధ సంవత్సరంలో పూర్తయ్యే ఒక్కో నెలకు రెండున్నర రోజులు. 300 రోజుల దాకా పోగేసి రిటైరయ్యేటప్పుడు డబ్బుగా తీసుకోవచ్చు. జబ్బుకు ఏడాదికి 20 రోజుల సగం జీతం సెలవు ఉంటుంది, డాక్టరు సర్టిఫికెట్‌తో దాన్ని పూర్తి జీతానికి మార్చుకుంటే రెట్టింపు రోజులు ఖర్చవుతాయి. క్యాజువల్ లీవ్ ఎనిమిదే. ప్రైవేటు సంస్థలో పన్నెండు ఇస్తుంటే ప్రభుత్వంలో ఎనిమిదేనా అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. కానీ అక్కడ ఆదివారాలు, పండుగలు క్యాజువల్ లీవ్‌లో కలవవు, అరపూట చొప్పున కూడా వాడుకోవచ్చు.

కిరుమాంబాక్కం ఆపరేటర్ విషయానికొస్తే, అతని దగ్గర ఉండాల్సిన కాగితాలు నాలుగే: నియామక పత్రం, సెలవు విధానం ప్రతి, నెలనెలా పే స్లిప్, డిసెంబరు 31న పోర్టల్‌లో కనిపించిన సెలవుల ఖాతా బొమ్మ. నాలుగోది ఆ రోజే తీసి పెట్టుకోవాలి. జనవరి 1 తెల్లవారేసరికి సాఫ్ట్‌వేర్ పాత ఏడాది అంకెలను చూపించడం మానేస్తుంది.